పదిహేడో పీక్

మా పెదనాన్నకు ముక్కు పనిచేయడం మానేసి ఏడు నెలలైంది. ఈ సంగతి ఇంట్లో పెద్దమ్మకు, ఫ్యాక్టరీలో నాకు తప్ప మూడో మనిషికి తెలియదు. వారం రోజులు జ్వరం వచ్చింది, తగ్గింది, పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. వంటవాడికైతే రుచి తెలియకపోయినా చేతివాటం మీద కొన్నాళ్లు లాక్కురావచ్చు. నలభై ఏళ్లుగా సెంట్లు కూర్చిన మనిషికి ముక్కు పోతే ఇంకేం మిగులుతుంది? అయినా ఆయన రోజూ తొమ్మిదింటికి వచ్చి, మూడు వందల సీసాల బల్ల ముందు కూర్చుని, కాగితం పుల్ల ముంచి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని తలాడించేవాడు. పక్క గదిలో అద్దం వెనక నుంచి చూసి నేను మొహం తిప్పుకునేదాన్ని.

నన్ను ఈ లాబ్‌లో చేర్పించింది ఆయనే. చేర్పించాడన్న మాటే గానీ వాసనను దినుసులుగా విడగొట్టి చూపే నా మెషీన్ అంటే ఆయనకు చిన్నచూపు. "నీ మెషీన్ ముక్కుకి కరెంటు పోతే జలుబు చేస్తుందే అమ్మాయ్" అని వచ్చిపోయే వాళ్లందరి ముందూ నవ్వేవాడు. జ్వరం తర్వాత ఆ జోకు మానేశాడు. నాకు మాత్రం అదే జోకు మళ్లీ వినాలనిపించేది.

ఆ సోమవారం మేనేజరు రెండు సీసాలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మా మేనేజరు ఎప్పుడూ గుమ్మంలో నిలబడే మాట్లాడతాడు, లోపలికొస్తే బట్టలకు వాసన అంటుకుంటుందని. సెంట్ల కంపెనీలో ఉద్యోగం చేస్తూ వాసనకు భయపడే మనిషిని ఈయన్నే చూశాను. ఆ రోజు లోపలికొచ్చి తలుపు కూడా వేశాడు.

"ఒకటి మనది. రెండోది నెల కిందట అవతలి కంపెనీ వాళ్లు బజార్లోకి వదిలింది. అచ్చు మనదేనని కొట్లవాళ్లే అంటున్నారు" అన్నాడు.

"మెషీన్ పెట్టి కాపీ కొట్టి ఉంటారు సార్. మనం కొట్టలేదా ఎవరివీ?"

ఆయన జేబులోంచి లక్క ముద్ర వేసిన కవరు తీశాడు. అది చూడగానే విషయమేమిటో నాకు అర్థమైంది.

మా వృత్తిలో ఒక అలవాటుంది. సెంటు కూర్చిన మనిషి చివర్లో ఏ పనికీ రాని దినుసు ఒకటి, ఉందో లేదో తెలియనంత, లక్షలో నాలుగైదు వంతులు, కలిపి పెడతాడు. వాసనకు కాదు, గుర్తుకు. మన సీసాను మెషీన్లో పెట్టి నకలు తీసేవాడికి ఆ దినుసూ కనిపిస్తుంది. అదెందుకుందో తెలియదు, తీసేస్తే ఏం చెడుతుందోనన్న భయంతో దాన్ని కూడా కలుపుతాడు. దొరికిపోతాడు. పెదనాన్న ఈ సెంటుకు పెట్టిన గుర్తు ఆల్డిహైడ్ జాతి రసాయనం ఒకటి. నల్లిని నలిపితే వచ్చే కంపు దానిది. ఆ పేరు రాసిన కాగితం ఆ కవర్లో ఉంది. కవరు కాకుండా ఆ పేరు తెలిసింది పెదనాన్నకు, నాకు.

"నకల్లో ఆ గుర్తు ఉంటే సీసా చూసి కాపీ కొట్టినట్టు. లేకపోతే..." అని ఆగాడు మేనేజరు.

"లేకపోతే?"

"ఫార్ములా ఇక్కణ్నుంచి నడిచి వెళ్లినట్టు. గుర్తేదో తెలిసినవాడే తీసి ఇచ్చినట్టు. మాస్టారిని, అదే మీ పెదనాన్నని, అడిగాను. ఔననలేదు, కాదనలేదు. 'మెషీన్ని అడగండి, మా అమ్మాయే నడపాలి' అన్నాడు. తప్పు ఆయనదని తేలితే ఆ రోజుతో ఉద్యోగం సరి. ఈ వ్యాపారంలో ఉన్న ప్రతి కంపెనీకీ ఉత్తరం వెళ్తుంది."

ఇంకో ఆర్నెల్లలో రిటైరయ్యే మనిషి. నాకు ఒళ్లు మండింది. "గుర్తు ఉంటుంది సార్. చూడండి" అన్నాను. పందెం కాసినంత ధీమాగానే అన్నాను.

పని మొదలుపెట్టాను. హెడ్‌స్పేస్ పరీక్ష అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. చిన్న గాజు బుడ్డిలో నాలుగు చుక్కల సెంటు వేసి, రబ్బరు బిళ్లతో మూత బిగించి, అరవై డిగ్రీల వేడిలో అరగంట ఉంచుతాం. ద్రవం పైన మిగిలిన ఖాళీలోకి ఆవిరి లేచి, ఇక లేవాల్సినంతా లేచాక నిలకడకొస్తుంది. అప్పుడు సూది రబ్బరులోంచి దిగి ఆ గాలిని మాత్రమే పీల్చుకుంటుంది. ముక్కు చేసే పనీ అదే కదా, సెంటును తాగదు, దాని మీది గాలిని పీలుస్తుంది. ఆ గాలిని వెంట్రుకంత సన్నటి, ముప్పై మీటర్ల పొడవు గొట్టంలోకి హీలియంతో తోస్తాం. గొట్టం చుట్టచుట్టి పొయ్యిలో ఉంటుంది, వేడి మెల్లగా పెరుగుతుంది. తేలికవి ముందు, బరువైనవి వెనక, లోపలి పూతను అంటిపెట్టుకునేవి ఇంకా వెనక, ఒక్కొక్కటే బయటికొస్తాయి. వచ్చినదాన్ని వచ్చినట్టు డిటెక్టరు ముక్కలు చేసి, ముక్కల బరువులు తూస్తుంది. తెర మీద ఒక్కో దినుసుకూ ఒక్కో పీక్, మొనదేలిన గుట్టలా, లేస్తుంది.

ముందు ఖాళీ బుడ్డి పెట్టాను. మెషీన్లో నిన్నటి మురికి లేదని తేలాలి. శుభ్రంగా ఉంది. తర్వాత మా సీసా. మొదట స్పిరిట్, గోడలా లేచింది. ఆ వెనక నిమ్మజాతివి, లావెండర్లో ఉండేవి, మల్లెలో ఉండేవి. వాటి మధ్య గడ్డిపరకంత, మా నల్లి. దానికి కాస్త దూరంలో దాని తమ్ముడు. ఆల్డిహైడ్ స్పిరిట్లో నెలల తరబడి నానితే కొంత భాగం స్పిరిట్‌తోనే జతకట్టి ఎసిటాల్‌గా మారుతుంది. ఇద్దరూ ఉన్నారు. హమ్మయ్య అనుకుని అవతలివాళ్ల సీసా పెట్టాను.

నల్లి లేదు.

తమ్ముడైనా ఉంటాడని చూశాను. లేడు.

మరీ తక్కువగా ఉండి కనిపించలేదేమోనని, డిటెక్టరును మిగతావన్నీ వదిలేసి ఆ దినుసు ముక్కలకు మాత్రమే కాపలా పెట్టి మళ్లీ నడిపాను. గీత నేలకంటుకునే ఉంది. నా కొలతే తప్పేమోనని, ఆ నకలు సెంటులోనే నా చేత్తో ఆల్డిహైడ్ కలిపాను, మా సీసాలో ఉన్నదాంట్లో సగం. నడిపితే పీక్ నిక్కి నిలబడింది. అంటే ఉండి ఉంటే కనిపించేదే. హెడ్‌స్పేస్ తేలికవాటినే పెద్దవి చేసి చూపిస్తుంది, కస్తూరి లాంటి బరువైనవి గాల్లోకి సరిగ్గా లేవవు. అందుకని సెంటునే నేరుగా చుక్క ఎక్కించి నడిపాను. కస్తూరి దినుసులు రెండూ మా పాళ్లలోనే ఉన్నాయి. మా గుర్తు కన్నా తక్కువ మోతాదులో మేం వేసేవి మూడున్నాయి, ఆ మూడూ ఉన్నాయి. అన్నీ దించినవాడు ఒక్కదాన్నే ఏరి పక్కన పెట్టాడు. ఏరాలంటే అదేమిటో తెలియాలి.

తెలిసినవాళ్లం ఇద్దరం. నేను కాదు.

ఇది చాలదన్నట్టు, నకల్లో మాకు లేనిదొకటి దొరికింది. పదిహేడో పీక్. మా దాంట్లో అక్కడ వట్టి ఖాళీ. చిన్న పీక్, పక్కదాంతో కాస్త కలిసిపోయి ఉంది. తెలిసిన దినుసుల నమూనాలు దాచిన లైబ్రరీలో వెతకమంటే కంప్యూటరు 'ఐరోన్' అని చెప్పింది. నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను.

ఐరోన్ అంటే ఐరిస్ పూలమొక్క దుంప. దాన్ని తవ్వి తీశాక మూడేళ్లు ఆరబెడితే గానీ వాసన పుట్టదు. బంగారంతో పోటీపడే సరుకు. పెదనాన్న ఈ సెంటును మొదట కూర్చినప్పుడు, నలభై ఒకటో ప్రయత్నంలో, ఆ దుంప ఉంది. నాకు పుల్ల ముంచి ఇచ్చాడు. పౌడరు డబ్బా మూత తీసిన చల్లదనం, వెనకాల తడిమట్టి. అంత మంచి సెంటు నేను మళ్లీ చూడలేదు. కంపెనీవాళ్లు ఆ ఖర్చు మన వల్ల కాదని దుంప తీసేయించారు, దాని బదులు ఇంకేమీ వేయనివ్వలేదు. ఆ నలభై ఒకటో ప్రయత్నం బజారు మొహం చూడలేదు. అది ఆయన నోటు పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు.

సాయంత్రం తిన్నగా వాళ్లింటికి వెళ్లాను. పెద్దమ్మ వంటింట్లో గిన్నె మాడబెట్టి తిట్టుకుంటోంది. ఇల్లంతా పొగ. పెదనాన్న పక్క గదిలోనే కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"చూశావా మీ పెదనాన్నని?" అంది పెద్దమ్మ. "కొంప తగలబడినా పేపరు మడిచిపెట్టి మరీ లేస్తాడు."

నేను తలుపు దగ్గరగా వేసి ఆయన ఎదురుగా కూర్చున్నాను. "గుర్తు లేదు పెదనాన్నా" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎలా ఉంటుందే? నేనే తీసేశాగా."

అంత తేలిగ్గా అంటాడని అనుకోలేదు. నాకు ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చాయి. "ఇచ్చావు సరే. గుర్తు ఉంచి ఇవ్వొచ్చుగా? ఉంచి ఉంటే వాళ్లే కాపీ కొట్టారనుకునేవాళ్లు. నీ మీద ఈగ వాలేది కాదు. ఆ మాత్రం తట్టలేదా నీకు?"

"తట్టింది."

"మరి?"

"నా చేత్తో రాసిస్తూ అందులో నల్లి కంపు ఎలా రాయనే? ఇన్నేళ్లూ ఆ ఒక్క చుక్క వల్ల ఒళ్లు చీదర పుట్టి చచ్చాను. ఆ సెంటులో నాకు నచ్చనిది అదొక్కటే. ఒక్కసారైనా శుభ్రంగా వెళ్లనీ అనిపించింది."

ఏమనాలి ఈ మనిషిని? లక్షలో నాలుగు వంతులు, ఏ ముక్కుకూ అందనిది, తన ముక్కుకు అసలే అందనిది. దాన్ని భరించలేక మెడ మీదికి కత్తి తెచ్చుకున్నాడు. దొంగతనం చేస్తూ కూడా పనిలో మడి కట్టుకునే దొంగను ఎక్కడ చూస్తాం!

"ఏమిచ్చారు నీకు?"

"ఏం అడగలేదు. దుంప వేయాలి, అసలైనదే వేయాలి అన్నాను. సరేనన్నారు." పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ముక్కు పోయాక రోజూ ఒకటే ఆలోచన. నేను చేసినదాన్ని నేను చేసినట్టుగా ఒక్కరైనా పూసుకోలేదు. నేను పోయేలోగా ఒక్క సీసా అయినా... సరే, అది వదిలెయ్. నాకు తెలియదు కదా అది ఎలా వచ్చిందో. సీసా కొని తెచ్చుకున్నాను. నీళ్లు వాసన చూసినట్టుంది." ముందుకు వంగాడు. "అందుకే నిన్నే నడపమన్నాను. దుంప ఉందా?"

అప్పటికి నాకు వెలిగింది. ఆయన తీర్పు కోసం నన్ను అడగలేదు. ఇన్నేళ్లూ వెక్కిరించిన మెషీన్ ముక్కును అరువడుగుతున్నాడు.

"ఉంది పెదనాన్నా. పదిహేడో పీక్" అన్నాను.

అబద్ధం కాదు. లైబ్రరీ అలాగే చెప్పింది. కానీ లైబ్రరీ చెప్పింది ఊహే. ఆ పీక్ గొట్టంలోంచి ఏ క్షణాన వచ్చిందో కొలబద్దగా వాడే ఆల్కేన్ల వరుసతో పోల్చి చూడాలి, అసలు సరుకు పక్కన పెట్టి నడపాలి, అప్పుడే పేరు పెట్టాలి. పోయిన వారం గొట్టం మొన పాడైతే కత్తిరించాను, దాంతో పాత లెక్కలు కదిలిపోతాయి. ఆ తర్వాత ఆల్కేన్లు మళ్లీ నడపలేదు, రేపు చేద్దాంలే అనుకున్నాను. 'ఇంకా సరిచూడాలి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన మొహం చూశాను. ఏడు నెలల్లో మొదటిసారి ఆ మొహం మనిషి మొహంలా ఉంది.

"ఉందిటే!" అని వంటింటివైపు కేకేశాడు. ఏముందో పెద్దమ్మకు తెలియదు. "ఉంటే వడ్డించుకోండి" అంది.

నన్ను గుమ్మందాకా సాగనంపుతూ, "రిపోర్టులో ఒక్క అక్షరం అటూ ఇటూ చేయకు. నీ పేరు పోగొట్టుకోకు నా కోసం" అన్నాడు. దారిలో నేను ఆలోచిస్తున్నది సరిగ్గా అదే. 'గుర్తించగల హద్దు కన్నా తక్కువ' అని ఒక్క మాట రాస్తే చాలు. అదేమిటని నన్నడిగే దిక్కు లేదు. కానీ సగం మోతాదు కలిపి పీక్ లేపింది నా చేతులే.

మర్నాడు పొద్దున్నే ఆల్కేన్లు నడిపాను. నా సొరుగులో ఆ పాత దుంప తైలం సీసా అడుగున కొంచెం ఉంది, వెన్నలా గడ్డకట్టి. పెదనాన్న అప్పట్లో దాచుకోమని ఇచ్చింది. దాన్ని కరిగించి ఎక్కించాను. ఐరోన్ వచ్చింది.

పదిహేడో పీక్ వచ్చిన చోట కాదు. దాని కన్నా బాగా ఆలస్యంగా.

మళ్లీ నడిపాను. నకలు సెంటులో దుంప తైలం చుక్క కలిపి నడిపాను. ఒకే పీక్ పెరగాల్సింది పోయి రెండు పీకులు దూరదూరంగా నిలబడ్డాయి. రెండో సొరుగులోంచి చవక సరుకు సీసా తీశాను. మిథైల్ అయొనోన్. సబ్బుల్లో, తలనూనెల్లో డబ్బాలకొద్దీ పోసేది. అణువులో ఉన్న పరమాణువులు అవే, లెక్క అంతే, బరువు అంతే, కూర్పే వేరు. పీక్ మసకగా ఉంటే లైబ్రరీ ఒకదాన్ని చూసి రెండోదనుకోవడం కొత్తేమీ కాదు. అది నాకు తెలియని విషయమూ కాదు. ఎక్కించాను. పదిహేడో పీక్ మీద గీతకు గీత సరిపోయింది.

దుంప లేదు. వాళ్లూ వేయలేదు. మాట ఇచ్చి, ఫార్ములా పట్టుకుపోయి, చవకది పోశారు. మా వాళ్లు కనీసం ఆ చోటు ఖాళీగా వదిలారు.

రిపోర్టు టైపు చేశాను. 'గుర్తు దినుసు లేదు. సగం మోతాదులో కలిపి చూసినప్పుడు స్పష్టంగా కనిపించింది.' కింద దినుసుల పట్టిక. పదిహేడో వరుసలో మిథైల్ అయొనోన్ అని కొట్టడానికి ఎంతసేపు పట్టిందో నాకే తెలుసు. సంతకం పెట్టాను.

మేనేజరు గది బయట బెంచీ మీద పెదనాన్న కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, పెళ్లికి వచ్చినట్టు. నన్ను చూసి కళ్లతోనే నవ్వాడు. అప్పుడు చెప్పాల్సింది. లోపలికి వెళ్లేలోగా చెప్పడానికి నిమిషం పైనే ఉంది. నేను ఫైలు గుండెలకు అదుముకుని నిలబడ్డాను.

లోపల మేనేజరు నా రిపోర్టు చదివి బల్ల మీదుగా ఆయనవైపు తోశాడు. "చూసుకోండి మాస్టారూ. మీరు కాదంటే బయట లాబ్‌కి పంపుదాం" అన్నాడు. 

పెదనాన్న కళ్లజోడు పెట్టుకుని వేలితో ఒక్కో వరుసా దిగాడు. ఆయనకు నా పీకులు చదవడం రాదు గానీ, దినుసుల పేర్లు నా కన్నా బాగా తెలుసు. వేలు పద్నాలుగు దాటింది. పదహారు దాటింది. ఆగింది.

నేను నేల చూశాను.  ఎంతకీ వేలు కదల్లేదు.

"ఏమంటారు?" అన్నాడు మేనేజరు.

"రిపోర్టు సరిగ్గా ఉంది" అన్నాడు పెదనాన్న. "మా అమ్మాయి పనిలో తప్పుండదు." కలం అడిగి తీసుకుని సంతకం పెట్టాడు. 

సీసాల బల్లకు అప్పటికే తాళం పడింది. ఆయన సామానంటూ ఒక టీ కప్పు, పాత కోటు, కట్టిపెట్టిన కాగితం పుల్లలు. నోటు పుస్తకం కంపెనీవాళ్లు ఉంచేసుకున్నారు. అన్నీ సంచీలో సర్దుతూ నేను, "పెదనాన్నా, నిన్న నేను చెప్పింది..." అని మొదలుపెట్టాను.  "సరిచూడకుండా చెప్పాను. నాదే తప్పు."

ఆయన నా గదిలోకొచ్చి, నా బల్ల మీదున్న అవతలివాళ్ల సీసా మూత తీసి పుల్ల ముంచాడు. రెండుసార్లు గాల్లో ఆడించి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, పాతరోజుల్లోలా చాలాసేపు పీల్చాడు.

"నీ మెషీన్‌కి జలుబు చేసిందే అమ్మాయ్" అన్నాడు. "నాకు దుంప వాసన వస్తోంది."

పుల్ల నా చేతిలో పెట్టి, సంచీ తీసుకుని వెళ్లిపోయాడు.